పొగ ఆల్ఫా కణాలను ఆపదు, అయాన్లకు బరువు కడుతుంది

ప్రశ్న: మాది పలాస. అమెరికాలో ఉన్న తమ్ముడు తెచ్చిన స్మోక్ డిటెక్టర్‌ను వంటింటి గుమ్మం పైన బిగించాం. వెనుక ‘అమెరీషియం 241, 0.9 మైక్రోక్యూరీ’ అని రాసి ఉంది. పోపు వేస్తే చాలు, పొగ కంటికి కనిపించక ముందే అరుస్తోంది. మొన్న హాల్లో పాత బొంతకు నిప్పురవ్వ అంటుకుని గదంతా పొగ కమ్మితే మాత్రం చాలా ఆలస్యంగా అరిచింది. పొగ ఆల్ఫా కణాలకు అడ్డుపడటం వల్ల అలారం మోగుతుందని ఫిజిక్స్ చెప్పే స్నేహితుడు అంటున్నాడు. అదే నిజమైతే ఎక్కువ పొగకే ముందు మోగాలి కదా? అసలు ఇంట్లో రేడియోధార్మిక వస్తువు ఉంచుకోవచ్చా?

సమాధానం:

మీ అనుమానం సరైనదే. మీ స్నేహితుడు చెప్పిన వివరణ చాలా చోట్ల కనిపిస్తుంది, వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ లెక్క వేస్తే నిలబడదు. ఆల్ఫా కణం గాలిలో దాదాపు 4 సెంటీమీటర్లు ప్రయాణించి ఆగిపోతుంది. దాన్ని ఆపేది గాలే. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1,200 గ్రాములు తూగుతుంది. కళ్లు మండేంత పొగ నిండిన గదిలో ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాముల పొగ ఉందనుకుందాం. అంటే ఆల్ఫా కణం దారిలో ఉన్న పదార్థానికి కొత్తగా చేరింది పన్నెండు వేల వంతుల్లో ఒక వంతు. అంతమాత్రానికి ఆల్ఫా కణం ఆగదు సరి కదా, దాని వేగంలో వచ్చే తేడాను మీ డిటెక్టర్‌లోని సర్క్యూట్ గుర్తించను కూడా లేదు. పొగ వచ్చినా రాకపోయినా ఆల్ఫా కణాలు ఒకే తీరుగా దూసుకుపోతూ ఉంటాయి. మారేది అవి వెనుక వదిలిపెట్టిన అయాన్ల పరిస్థితి.

పరిశ్రమల్లో ఫైర్ అలారాలు బిగించడం, బాగుచేయడం నా వృత్తి. ఈ రకం డిటెక్టర్లను విప్పి చూసిన అనుభవం ఉంది కాబట్టి లోపల ఏముందో ముందు చెబుతాను. దయచేసి మీరు మాత్రం విప్పకండి, కారణం చివర్లో వస్తుంది.

మూత కింద చిల్లులున్న చిన్న లోహపు డబ్బీ ఒకటి ఉంటుంది. దాని అడుగున అమెరీషియం ఆక్సైడ్ కలిపిన పలుచటి రేకు ముక్క, పైన బంగారంలాంటి లోహపు పూత ఉంటాయి. ఆ ముక్కలోని అమెరీషియం బరువు గ్రాములో పది లక్షల వంతు కూడా కాదు, అందులో మూడో వంతుకంటే తక్కువే. మీరు చదివిన 0.9 మైక్రోక్యూరీకి అర్థం ఏమిటంటే, ఆ ముక్కలో సెకనుకు సుమారు 33 వేల పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయి, ఒక్కొక్కటి ఒక్కో ఆల్ఫా కణాన్ని విసురుతోంది. సగం కిందికి పోయి లోహంలోనే చస్తాయి. మిగిలిన పదహారు వేల పైచిలుకు డబ్బీలోని గాలిలోకి వస్తాయి.

ఆల్ఫా కణం ఎదురైన గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతూ పోతుంది. ఊడిన ఎలక్ట్రాన్ వెంటనే మరో అణువుకు అతుక్కుంటుంది. ఇలా ఒక ధన అయాన్, ఒక రుణ అయాన్ జంటగా పుడతాయి. ఒక జంట పుట్టడానికి సగటున 34 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఖర్చవుతుంది. ఈ ఆల్ఫా కణం దగ్గర ఉన్నది దాదాపు 55 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. పైపూతలో కొంత, డబ్బీ గోడల్లో కొంత పోయినా, ఒక్కో కణం గాలిలో లక్ష జంటలు పుట్టిస్తుందనుకుంటే సెకనుకు 160 కోట్ల జంటలు. సంఖ్య ఘనంగానే ఉంది కానీ అవన్నీ ఎలక్ట్రోడ్లకు చేరితే వచ్చే కరెంటు సుమారు 260 పికో ఆంపియర్లు. 9 వోల్టుల బ్యాటరీ ఇచ్చే బలహీనమైన లాగుడుకు అన్నీ చేరవు. ఎదురెదురుగా వచ్చే ధన, రుణ అయాన్లు దారిలోనే కలిసి మళ్లీ మామూలు అణువులైపోతాయి. చివరకు మిగిలేది పదుల పికో ఆంపియర్లు. సర్క్యూట్ బోర్డు మీద వెలిగే చిన్న బల్బు కరెంటు దీనికి కోట్ల రెట్లు.

ఈ చేరకపోవడం లోపంలా కనిపిస్తుంది గానీ పరికరమంతా దాని మీదే నడుస్తోంది. బ్యాటరీ వోల్టేజీ బాగా ఎక్కువగా ఉండి, పుట్టిన ప్రతి అయాన్‌నూ తక్షణం లాగేస్తే పొగకు అవకాశమే ఉండదు. అయాన్లు తీరిగ్గా నడవాలి. అప్పుడే పొగ వాటిని పట్టుకోగలదు.

ఎంత తీరిగ్గా అంటే, ఎలక్ట్రోడ్ల మధ్య 2 సెంటీమీటర్ల దూరం, దాని మీద నాలుగున్నర వోల్టులు ఉన్నాయనుకోండి. గాలిలో మామూలు అయాన్ ఆ లాగుడుకు సెకనుకు సుమారు 3 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే ఆ దూరం దాటడానికి ఒక సెకను లోపు చాలు. ఇప్పుడు పొగ లోపలికి వచ్చింది. పొగ రేణువు మిల్లీమీటరులో పదివేల వంతు వ్యాసంతో ఉన్నా, అయాన్ ముందు అది కొండంత. అయాన్ దానికి తగిలిందా, అంటుకుపోతుంది. సైకిలు మీద దూసుకుపోయే కుర్రవాడిని తీసుకెళ్లి గడ్డిబండికి కట్టేసినట్లవుతుంది. అయాన్ మీది విద్యుదావేశం ఎక్కడికీ పోలేదు, లాగుడూ అంతే ఉంది, కానీ కదలాల్సిన బండి పెద్దది. ఆ పరిమాణం రేణువుకు అతుక్కున్న అయాన్ నడక దాదాపు అయిదు వేల రెట్లు మందగిస్తుంది. సెకను లోపు దాటాల్సిన దూరానికి గంట దగ్గర పడుతుంది. ఈలోగా గాలి దాన్ని చిల్లుల్లోంచి బయటికి తోసేస్తుంది, లేదా అదే రేణువు మీదికి వ్యతిరేక ఆవేశంతో మరో అయాన్ వచ్చి రెండూ చెల్లిపోతాయి. ఏది జరిగినా ఆ అయాన్ కరెంటు లెక్కలోకి రాదు. కరెంటు తగ్గుతుంది. అలారానికి మూలం ఇదే.

ఈ సూత్రం దొరికిన తీరు కూడా ఇలాంటిదే. 1930ల చివర్లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ యేగర్ అనే శాస్త్రవేత్త విషవాయువును పసిగట్టే పరికరం కోసం అయాన్ల కరెంటును కొలుస్తున్నాడు. విషవాయువుకు ముల్లు కదల్లేదు. విసుగొచ్చి సిగరెట్ వెలిగిస్తే ముల్లు పడిపోయిందని చెబుతారు. విషవాయువు అణువు చిన్నది, అంత తక్కువ మోతాదులో అయాన్ల నడకను మార్చలేదు. సిగరెట్ పొగ రేణువు మార్చేసింది.

కరెంటు తగ్గిందని సర్క్యూట్‌కు తెలియాలి కదా. పదుల పికో ఆంపియర్లను నేరుగా కొలిచి, ఒక హద్దు గీసి, అంతకన్నా తగ్గితే అరవమని చెప్పడం కుదరదు. ఎందుకంటే గాలి పీడనం మారినా, తేమ పెరిగినా, ఎండ కాసినా అయాన్ల కరెంటు మారుతూనే ఉంటుంది. పలాసలో ఏప్రిల్ మధ్యాహ్నానికీ అక్టోబర్ తుపాను రాత్రికీ ఉన్న తేడా చాలు, పొగ లేకపోయినా హద్దు దాటడానికి. అందుకే లోపల రెండు గదులు కడతారు. ఒకటి పొగ తేలిగ్గా వచ్చిపోయే చిల్లుల గది. రెండోది దాదాపు మూసి ఉన్నది, బయటి గాలి నెమ్మదిగా చేరుతుంది గానీ పొగ వెంటనే చొరబడలేదు. రెండింటిలోనూ అయాన్లు పుడతాయి. రెండింటినీ వరుసగా కలిపి బ్యాటరీకి తగిలిస్తారు. రెండూ ఒకే తీరుగా ఉన్నంతసేపు 9 వోల్టులు ఇంచుమించు సగం సగంగా పంచుకుంటాయి. వాతావరణం మారితే రెండూ కలిసే మారతాయి కాబట్టి పంపకం చెడదు.

పొగ వస్తే చిల్లుల గదిలో మాత్రమే అయాన్లు మందగిస్తాయి. కరెంటుకు అక్కడ అడ్డు పెరిగింది. వరుసలో ఉన్న రెండు అడ్డుల్లో పెద్దదాని మీద ఎక్కువ వోల్టేజీ పడుతుందని ఇంటర్మీడియట్‌లో చదివిందే. మధ్య బిందువు దగ్గర వోల్టేజీ ఒక పక్కకు జరుగుతుంది. ఆ బిందువుకు కలిపి ఉన్న చిప్పు దాన్ని తనలోని స్థిర వోల్టేజీతో పోల్చి చూసుకుంటూ ఉంటుంది. హద్దు దాటగానే సైరన్ మోగిస్తుంది.

చెప్పడానికి తేలికే, కానీ ఈ మధ్య బిందువు చాలా సుకుమారమైనది. నాలుగున్నర వోల్టులకు 50 పికో ఆంపియర్లు అంటే ఆ గది అడ్డు 9 వేల కోట్ల ఓములు. బోర్డు మీద పడిన దుమ్ములో కాస్త తేమ చేరినా అంతకంటే సులువైన దారి తయారవుతుంది. చాలా డిటెక్టర్లలో చిప్పు కాలు ఒకటి బోర్డులోకి దిగకుండా పైకి వంచి, గాలిలోనే నేరుగా ఎలక్ట్రోడ్‌కు కలిపి ఉంటుంది. ఆ ఒక్క కాలు బోర్డుకు తగలకూడదు, అంతే. మొదటిసారి చూసినవాళ్లు అది ఊడిపోయిందనుకుంటారు. సముద్రపు ఉప్పుగాలి సోకే మన ప్రాంతంలో ఈ రకం డిటెక్టర్లు వర్షాకాలంలో ఊరికే అరవడానికి ఎక్కువగా కారణం ఇలాంటి లీకేజీయే. లీకేజీ మరో పక్క జరిగితే ఇంకా ప్రమాదం, పొగ వచ్చినా మధ్య బిందువు కదలదు, డిటెక్టర్ మౌనంగా ఉండిపోతుంది.

ఇప్పుడు మీ పోపు, బొంతల సంగతి.

ఈ పరికరానికి పొగ ఎంత బరువుందన్నది ముఖ్యం కాదు. ఎన్ని రేణువులున్నాయన్నదే ముఖ్యం. రేణువు పరిమాణానిది కొంత పాత్ర ఉంది, కానీ చిన్నది. స్థూలంగా రేణువుల సంఖ్యను వాటి వ్యాసంతో గుణిస్తే అయాన్లను పట్టే శక్తి వస్తుంది. ఒకే బరువు పొగను రెండు రకాలుగా ఊహించుకోండి. ఒకదాంట్లో రేణువు వ్యాసం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రెండోదాంట్లో అందులో పదో వంతు. వ్యాసం పదో వంతైతే ఒక్కో రేణువు బరువు వెయ్యో వంతు అవుతుంది, కాబట్టి అదే బరువుకు రేణువులు వెయ్యి రెట్లు వస్తాయి. వ్యాసం తగ్గినందుకు ఒక్కొక్కటి పట్టే అయాన్లు పదో వంతు. మొత్తం మీద సన్న పొగ అదే బరువు ముతక పొగకంటే వంద రెట్లు బలంగా అయాన్లను పట్టేస్తుంది.

పోపులో నూనె బాగా కాగి, ఎండుమిర్చి మాడే సమయానికి పైకి లేచేది ఈ సన్న రకమే. గ్యాస్ మంట కూడా తనవంతుగా అతి సన్నని రేణువులను వదులుతుంది. ఇవి కాంతి తరంగం కంటే చాలా చిన్నవి కాబట్టి కాంతిని సరిగా చెదరగొట్టలేవు. అందుకే మీ కంటికి పొగ కనిపించలేదు, ముక్కుకు మాత్రం ఘాటు తెలిసింది. అయాన్ల లెక్కలో మాత్రం అది దట్టమైన పొగే. పైగా పొయ్యి వేడికి అది నేరుగా పైకప్పుకు లేస్తుంది, మీరు డిటెక్టర్‌ను సరిగ్గా అక్కడే పెట్టారు. అది అరిచిందంటే పనిచేస్తోందనే అర్థం, చోటే తప్పు.

బొంత కథ దీనికి పూర్తిగా విరుద్ధం. మంట లేకుండా పత్తి లోలోపల కాలుతూ ఉంటే ఆవిరులు చల్లబడి పెద్ద పెద్ద బిందువులుగా గడ్డకడతాయి. తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. కాంతిని బాగా చెదరగొడుతుంది కాబట్టే కంటికి అంత కనిపిస్తోంది. కానీ బరువుకు తగ్గ సంఖ్య లేదు. దానికి తోడు ఆ పొగకు వేడి తక్కువ, పైకి లేవడానికి ఉత్సాహం ఉండదు, గదిలో నడుము ఎత్తులోనే తేలుతూ ఉంటుంది. డిటెక్టర్ దాకా చేరడానికే సమయం పట్టింది, చేరిన తర్వాత కూడా తగినన్ని అయాన్లను పట్టడానికి ఇంకాస్త పట్టింది. చివరకు అరిచింది కదా అని ఊరట పడకండి. నిద్రలో ఉన్న మనిషికి ఆ ఆలస్యమే ప్రాణాంతకం, ఎందుకంటే అలా కుమిలే నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ బాగా వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.

అందువల్ల ఈ రకం డిటెక్టర్ భగ్గున మండే మంటకు చురుగ్గా, కుమిలే నిప్పుకు మందంగా స్పందిస్తుంది. కాంతితో పనిచేసే ఫోటోఎలక్ట్రిక్ రకం దీనికి తారుమారు. అందులో ఒక చిన్న దీపం, దాని ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి ఉన్న సెన్సర్ ఉంటాయి. పొగ బిందువులు కాంతిని పక్కకు చెదరగొడితే సెన్సర్‌కు అందుతుంది. బొంత పొగను అది త్వరగా పట్టేస్తుంది. నెల్లిమర్ల, బొబ్బిలి వైపు జనపనార నిల్వ చేసే గోదాములకు ఏది పెట్టాలని అడిగితే నేను ఎప్పుడూ కాంతి రకమే చెబుతాను. నార బేలులో నిప్పు పడితే గంటల తరబడి కుమిలిన తర్వాతే మంట పైకి వస్తుంది.

ఇక రేడియోధార్మికత గురించి. ఆల్ఫా కణం కాగితం దాటలేదు, మన చర్మం పై పొరను దాటలేదు, డబ్బీ గోడను అసలే దాటలేదు. అమెరీషియం నుంచి బలహీనమైన గామా కిరణాలు కూడా కొంత వస్తాయి, కానీ గోడ మీద పైన ఉన్న ఇంత చిన్న మూలం నుంచి మీకు అందేది పట్టించుకోదగినంత ఉండదు. సమస్య ఎప్పుడంటే, ఆ రేకును గీకినా, కాల్చినా, పొడిగా శరీరంలోకి పోయినా. లోపలికి పోయిన ఆల్ఫా మూలానికి చర్మం అనే అడ్డు ఉండదు. విప్పవద్దని మొదట చెప్పింది అందుకే.

రేడియోధార్మికత అనగానే మన జిల్లావాళ్లకు భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలోని మోనజైట్ గుర్తుకొస్తుంది. అందులోని థోరియం కూడా ఆల్ఫా కణాలనే ఇస్తుంది. మరి దాన్నే వాడొచ్చు కదా అని ఒక కుర్రాడు నన్ను అడిగాడు, మంచి ప్రశ్నే. థోరియం అర్ధాయువు 1,400 కోట్ల సంవత్సరాలు, అంటే అది మరీ నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. మీ డిటెక్టర్‌లోని మైక్రోగ్రామైనా లేని అమెరీషియం ఇచ్చేన్ని కణాలు కావాలంటే 8 గ్రాముల థోరియం కావాలి. అంత మందం పదార్థంలో లోపల పుట్టిన ఆల్ఫా కణాలు బయటికే రాలేవు. ఒకప్పుడు రేడియం వాడారు, దాని నుంచి బలమైన గామా కిరణాలు, రాడాన్ వాయువు వస్తాయి. అమెరీషియం అర్ధాయువు 432 ఏళ్లు. కావలసినన్ని కణాలు ఇచ్చేంత వేగం ఉంది, పరికరం బతికినంతకాలం తగ్గకుండా ఉండేంత నెమ్మది కూడా ఉంది. పదేళ్లలో దాని బలం నూటికి రెండు వంతులు కూడా తగ్గదు. పదేళ్లకు డిటెక్టర్ మార్చమని తయారీదారులు చెప్పేది దుమ్ము, తుప్పు, ఎలక్ట్రానిక్స్ వృద్ధాప్యం వల్ల.

మీరు చేయవలసినది ఇది. దాన్ని వంటింటి గుమ్మం నుంచి తీసి, పడకగదుల ముందున్న నడవ పైకప్పుకు మార్చండి. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు, ఎందుకంటే గాలి విసురు అయాన్లను చిల్లుల్లోంచి ఊడ్చేస్తే పొగ వచ్చినట్లే లెక్క తప్పుతుంది. మీ వీధిలో జీడిపిక్కలు వేయించే బట్టీ ఉంటే ఆ వైపు కిటికీకి దూరంగా పెట్టండి. హాల్లోకి, పడకగదుల్లోకి ఫోటోఎలక్ట్రిక్ రకం ఒకటి కొనండి. వంటింటికి పొగ డిటెక్టర్ వద్దు, వేడిని పసిగట్టే రకం పెట్టండి.

నిమిషానికోసారి చిన్నగా కిచ్‌మంటే బ్యాటరీ మార్చండి. పొగ లేకుండా ఆగకుండా అరుస్తుంటే మూత తీయకుండా బయటి నుంచే వాక్యూమ్ క్లీనర్‌తో చిల్లుల దుమ్ము లాగండి, ఒకరోజు పొడి గదిలో ఉంచి చూడండి. తేమ కారణమైతే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే దాని పని అయిపోయినట్లే. పరీక్ష బటన్ నొక్కితే అరిచిందని ధీమా పడకండి. ఆ బటన్ చాలా మోడళ్లలో సర్క్యూట్‌నూ సైరన్‌నూ మాత్రమే పరీక్షిస్తుంది, చిల్లులు సాలెగూడుతో మూసుకుపోయి ఉన్నా అరుస్తుంది.

పాడైన తర్వాత పాత ఇనుము కొనేవాడికి ఇవ్వకండి, చెత్తలో వేసి కాల్చకండి. మన దేశంలో ఇలాంటి డిటెక్టర్ల మీద నియంత్రణ ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలిది. ఇక్కడ కొన్నదైతే అమ్మిన సంస్థకే తిరిగి ఇవ్వాలి. మీది బయటి నుంచి వచ్చింది కాబట్టి, తయారీ సంస్థ వెనక్కి తీసుకుంటుందో లేదో తమ్ముడిని అక్కడే కనుక్కోమనండి. తీసుకోకపోతే ఏం చేయాలో మండలికి రాసి అడగండి. జవాబు వచ్చేదాకా మూత విప్పకుండా, పిల్లలకు అందని చోట అట్టపెట్టెలో ఉంచండి.